ట్రిగ్గర్ అయినంత మాత్రాన అమ్ముడైనట్టు కాదు

దామలచెరువు మండీలో మామిడి వ్యాపారం చేసే మా బావకు కాయ దిగే నెలల్లో ఫోన్ చూసే తీరిక ఉండదు. అందుకే తన దగ్గరున్న 200 షేర్లకు జీటీటీ, అంటే ధర ఫలానా చోటికి రాగానే ఆర్డర్ పంపమని బ్రోకర్ దగ్గర ముందే పెట్టే షరతు, పెట్టి వదిలేశాడు: ధర 450కి దిగితే 448కి అమ్మమని. మంగళవారం పొద్దున ట్రిగ్గర్ అయిందని మెసేజ్ వచ్చింది. "అమ్ముడుపోయినాయి బావా, పీడ వదిలింది" అన్నాడు నాతో. గురువారం చూసుకుంటే షేర్లు డీమ్యాట్‌లోనే ఉన్నాయి, ధర 421.

జరిగింది ఇదీ. సోమవారం 456 దగ్గర ముగిసిన షేరు, ఫలితాలు బాగోలేక మంగళవారం 438 దగ్గర తెరుచుకుంది. ధర 450 కంటే కిందికి పోయింది కాబట్టి బ్రోకర్ సర్వర్ 448 లిమిట్‌తో అమ్మకం ఆర్డర్‌ను ఎక్స్‌ఛేంజికి పంపింది. ఆ రోజు గరిష్ఠ ధర 444. 448 ఇచ్చేవాడే లేడు. వెళ్లింది డే ఆర్డర్ కనుక మూడున్నరకు మార్కెట్‌తోపాటే రద్దయింది. జీటీటీ ఒకసారే పేలే తూటా, అదీ అయిపోయింది. బుధవారం నుంచి ఆయన షేర్లకు కాపలా లేదు.

చాలామంది జీటీటీని 'రద్దు చేసేదాకా చెల్లే' జీటీసీ ఆర్డర్ అనుకుంటారు. జీటీసీ అయితే ఆర్డరే రోజుల తరబడి నిలిచి ఉంటుంది. జీటీటీలో నిలిచి ఉండేది బ్రోకర్ దగ్గరి షరతు మాత్రమే. దాని గడువు ఏడాది ఉండొచ్చు, అది పుట్టించే ఆర్డర్ ఆయుష్షు మాత్రం ఆ ఒక్క పూటే.

అయితే మా బావను నిజంగా ముంచింది గడువు ఒక్కటే కాదు, ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య ఉన్న రెండు రూపాయల సందు. లిమిట్ 430 పెట్టి ఉంటే? 430కే అమ్ముడయ్యేదని ఆయన భయం. అది అపోహ. అమ్మకంలో లిమిట్ అంటే అంతకు తగ్గితే ఒద్దని చెప్పడమే. ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారు ఉంటే ఆ ధరే వస్తుంది. 438 దగ్గర కొనేవాళ్లు సరిపడా ఉంటే 87,600 చేతికొచ్చేది. 421 లెక్కన ఇప్పుడు 84,200. ధర ఆ రోజుకు దిగగల కనిష్ఠ హద్దును తాకి, అంటే లోయర్ సర్క్యూట్ పడి, కొనేవాడే లేని రోజున మాత్రం ఇదీ పనిచేయదు.

ఇమ్మీడియట్ ఆర్ క్యాన్సిల్ అనే ఐఓసీ ఆర్డర్ ఇలాంటిచోట పనికిరాదు. దొరికినంత అమ్మి మిగతాది ఆ క్షణమే రద్దు చేస్తుంది. 448కి అయితే ఒక్క షేరూ పోయేది కాదు. ఫిల్ ఆర్ కిల్ ఇంకా కఠినం, 200కు 200 కుదరాలి, లేదా అసలు ఒద్దు.

నా అభ్యంతరం బ్రోకర్ యాప్‌ల మీద. 'ట్రిగ్గర్ అయింది' అని పంపినవాళ్లు, సాయంత్రం 'అమ్ముడు కాలేదు, మీ జీటీటీ ముగిసింది' అని కూడా అంతే గట్టిగా చెప్పాలి. అలా చెప్పేదాకా ట్రిగ్గర్ మెసేజ్ వచ్చిన రోజు ఆర్డర్ బుక్ తెరిచి చూడాల్సిందే. అక్కడ 'పూర్తయింది' అని లేకపోతే మూడున్నరలోపు లిమిట్ దించాలి, లేదంటే రాత్రికి కొత్త జీటీటీ పెట్టుకోవాలి. బావ గురువారం రాత్రి పెట్టాడు, ఈసారి 415 ట్రిగ్గర్, 400 లిమిట్.