ఇన్సులేషన్ పలుచగా ఉంటే వైరు చల్లగా ఉంటుందా?

"ఏసీ వాడేవారు తప్పక చదవండి. 1. వైరు ఎన్ని స్క్వేరో దాన్ని ఆరుతో గుణిస్తే అది మోసే ఆంపియర్లు. 2. ఇన్సులేషన్ మందంగా ఉంటే దుప్పటి కప్పినట్టే, వేడి లోపలే ఉండిపోయి వైరు కాలిపోతుంది. పలుచగా ఉన్న వైరే కొనండి. 3. ఎరుపు వైరు ఎక్కువ వేడెక్కుతుంది. 4. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే 32 ఆంపియర్లది వేయించండి, వైరుకేం కాదు. 5. ఏసీకి 4 స్క్వేర్ వైరే వేయించండి. పదిమందికీ పంపండి."

ఈ మెసేజ్ పదిమందికి కాదు, ఊరందరికీ చేరినట్టుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులో వచ్చింది, నాతోపాటు ఇంజనీరింగ్ చదివినవాడు కూడా కింద నమస్కారం బొమ్మ పెట్టి మరీ పంపాడు. ఇక ఊరుకోలేను.

మూడోదాంతో మొదలుపెడతాను, ఒక్క వాక్యంలో తేలిపోతుంది కాబట్టి. స్లాబులో పైపు లోపల, చీకట్లో ఉండే వైరుకి రంగుతో పనేంటి?

మొదటిది లెక్కలా కనిపిస్తుంది కానీ లెక్క కాదు. స్క్వేర్ అంటే లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. వైరు పెద్దదయ్యేకొద్దీ లోపలి రాగి పెరిగినంత వేగంగా బయటి చుట్టుకొలత పెరగదు. వేడి బయటికి పోవాల్సింది ఆ చుట్టుకొలత మీంచే. అందుకే 1 స్క్వేర్ వైరు పది ఆంపియర్లు దాటినా హాయిగా మోస్తుంది, 300 స్క్వేర్ కేబుల్ మాత్రం వేడిగాలిలో ఆరేడు వందల దగ్గరే ఆగిపోతుంది. ఆరుతో గుణిస్తే 1800 వస్తుంది. అంత కరెంటు పంపి చూస్తామన్నవాళ్లు కాస్త దూరంగా నిలబడి చూడండి.

అసలు కోపం రెండోదాని మీద. వినడానికి ఎంతో సబబుగా ఉంది కదా, దుప్పటి, వేడి! సరే, మామూలు 2.5 స్క్వేర్ రాగి వైరునే తీసుకుందాం. లోపలి రాగి వ్యాసం 1.8 మిల్లీమీటర్లు, దాని మీద పీవీసీ 0.8 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం 3.4. చుట్టూ 40 డిగ్రీల గాలి. మామూలు పీవీసీ తట్టుకునేది 70 డిగ్రీలు. అంటే మనకున్న వెసులుబాటు 30 డిగ్రీలు.

ఈ వైరులో 24 ఆంపియర్లు పోతుంటే మీటరుకి ఐదు వాట్లకి కాస్త పైన వేడి పుడుతుంది. రాగి 70 డిగ్రీలకు చేరాక దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే ఐదోవంతు పెరుగుతుంది, అది కూడా కలిపే చెబుతున్నాను. ఆ వేడి రెండు అడ్డంకులు దాటాలి. మొదటిది పీవీసీ. దాన్ని దాటడానికి ఖర్చయ్యేది మూడు డిగ్రీల లోపే. రెండోది వైరు ఉపరితలం నుంచి గాలిలోకి పోవడం. మిగతా ఇరవై ఏడు డిగ్రీలూ ఖర్చయ్యేది అక్కడే. అంటే వైరు వేడెక్కడంలో పదింట తొమ్మిది వంతుల బాధ్యత గాలిది. నింద మాత్రం పాపం ఇన్సులేషన్‌ది.

ఇప్పుడు ఆ దుప్పటి మొత్తం తీసేద్దాం. పీవీసీ అడ్డు పోయింది, కానీ గాలికి తగిలే వ్యాసం 3.4 నుంచి 1.8కి పడిపోయింది. మెరిసే రాగి రేడియేషన్ రూపంలో వదిలే వేడి కూడా చాలా తక్కువ. అదే 24 ఆంపియర్లకు ఒట్టి తీగ 90 డిగ్రీలు దాటుతుంది. కప్పుకున్నది 70లో ఉంటే కప్పుకోనిది 90లో! పీవీసీ మందం రెట్టింపు చేస్తే వైరు ఇంకాస్త చల్లబడుతుంది తప్ప వేడెక్కదు. పీవీసీ వేడిని పంపే శక్తిని ఉపరితలం నుంచి గాలిలోకి వేడి పోయే రేటుతో భాగిస్తే ఒక వ్యాసార్ధం వస్తుంది. దాన్ని క్రిటికల్ రేడియస్ అంటారు. ఇక్కడ అది సుమారు సెంటీమీటరు. బయటి వ్యాసార్ధం అంతకు తక్కువగా ఉన్నన్నాళ్లూ మందం పెంచితే మేలే. మన ఇంటి వైరుది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

ఈ మెసేజ్ నమ్మి పలుచని వైరు కొన్నవాళ్లకి చల్లదనం రాదు సరికదా, పైపులో లాగేటప్పుడు గీరుకుపోయి లీకేజీ వస్తుంది. ఇంతకంటే మంచి సలహా కల్తీ వైర్లు అమ్మేవాడు కూడా ఇవ్వలేడు.

అయితే దుప్పటి మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఫాల్స్ సీలింగ్ పైన వేసే గ్లాస్ ఊల్‌లోనో, థర్మోకోల్‌లోనో వైరు కూరుకుపోతే అది నిజంగా దుప్పటే. గాలి కదలదు, వైరు మోయగల కరెంటు సగానికి పడిపోవచ్చు. వ్యాసార్ధం సెంటీమీటరు దాటిన లావు కేబుళ్లకైతే పైన వేసే ప్రతి పొరా అడ్డే. మెసేజ్ రాసినాయన ఎక్కడో హైటెన్షన్ కేబుల్ గురించి చదివి బెడ్‌రూమ్ వైరుకి అంటగట్టినట్టున్నారు.

నాలుగోది చదివితే బీపీ పెరుగుతుంది. కరెంటు హద్దు మీరితే తనంతట తానే ఆఫ్ అయ్యే స్విచ్చే ఎంసీబీ. అది ఉన్నది ఏసీ కోసం కాదు మహాశయా, గోడలో ఉన్న వైరు కోసం. పైన చెప్పిన 24 ఆంపియర్లు వైరు గాలిలో వేలాడుతున్నప్పటి మాట. పైపులో అది ఇరవైకి దిగుతుంది. ఇక 32 ఆంపియర్ల ఎంసీబీ ప్రమాణం ప్రకారం 36 ఆంపియర్ల దగ్గర గంటసేపు పడకుండా నిలబడాలి. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఇరవై మోసే వైరులో 36 పోతే ముప్ఫై డిగ్రీల పెరుగుదల కాస్తా వంద చేరుతుంది. 40 డిగ్రీల గదిలో రాగి 140 దగ్గర. ఇంత సన్న వైరు అక్కడికి చేరడానికి గంట అక్కర్లేదు, నిమిషాలు చాలు. పీవీసీ మెత్తబడి, లోపలి రాగి పక్క వైరు వైపు జరుగుతుంది. ఆ సమయంలో ఎంసీబీ మీ మెసేజ్ ప్రకారం ప్రశాంతంగా ఉంటుంది.

పడిపోతుంటే ముందు కారణం చూడండి. మెయిన్ ఆఫ్ చేయించి, ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ విప్పించండి. స్క్రూ దగ్గర రెండు మూడు అంగుళాల వరకే ఇన్సులేషన్ గోధుమరంగు తిరిగి, గట్టిపడి, వంచితే చిట్లుతోందా? అది లూజు కనెక్షన్. వైరు లోపలికంటా అలాగే ఉంటే ఓవర్‌లోడ్. ఎంసీబీ స్క్రూ లూజైనా అక్కడి వేడికి లోపలి బైమెటల్ పట్టీ వంగి అది ఊరికే పడిపోతుంది. అప్పుడు కావాల్సింది పెద్ద ఎంసీబీ కాదు, స్క్రూడ్రైవర్.

ఐదోది ఒప్పుకుంటాను, అందరికీ మాత్రం కాదు. ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది ఎనిమిది ఆంపియర్ల చుట్టుపక్కల, దానికి 2.5 చాలు. కానీ మే నెలలో విజయవాడలో పైఅంతస్తు స్లాబు మధ్యాహ్నానికి 55కి చేరిందనుకోండి, మనకున్న 30 డిగ్రీల వెసులుబాటు 15 అవుతుంది, పైపులో ఇరవై మోసే వైరు పద్నాలుగుకి వస్తుంది. అదే పైపులో ఇంకో గది ఏసీ వైరు కూడా ఉంటే పదకొండు. పాత రెండు టన్నుల ఏసీ అంతే లాగుతుంది. కాబట్టి పైఅంతస్తు వాళ్లు 4 స్క్వేర్ వేయించుకోండి, ఇన్సులేషన్ నిండుగా ఉన్నదే.