గడియారం 30వ ఎత్తులో కాదు, 14వ ఎత్తులోనే పోతుంది

ర్యాపిడ్ చెస్‌లో ఓడి బయటికొచ్చినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: ‘గేమ్ నాదే, టైమ్ లేక పోయింది.’ నేనూ చాలాసార్లు అన్నాను. ఒక ఆదివారం ఓపెన్ టోర్నమెంట్‌లో ఆడిన గేమ్ తర్వాత మాత్రం ఆ మాట అనడానికి నోరు రాలేదు.

టైమ్ కంట్రోల్ 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్ల ఇంక్రిమెంట్, అంటే ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారంలో 5 సెకన్లు కలుస్తాయి. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు. అయినా నాకు రాసే అలవాటుంది, పక్కన గడియారంలో మిగిలిన టైమ్ కూడా వేసుకుంటాను. అందుకే ఆ రోజు ఏం జరిగిందో తర్వాత తీరిగ్గా చూసుకోగలిగాను.

13 ఎత్తులు అయ్యేసరికి నా దగ్గర 12 నిమిషాల 50 సెకన్లున్నాయి. ఇబ్బందేమీ లేదు. 14వ ఎత్తులో మధ్యలో ఖాళీ అయిన నిలువు వరుస డి-ఫైల్‌లోకి రూక్‌ని తేవాలి. ఏ రూక్? ఎ-ఫైల్‌లోదా, ఎఫ్-ఫైల్‌లోదా? చెస్ ఆడే ప్రతివాడినీ సతాయించే ప్రశ్న ఇది. ఒకటి అనుకుని, రెండోది చూసి, మళ్లీ మొదటిదానికి వచ్చి, చివరికి ఎత్తు వేసేసరికి 4 నిమిషాల 10 సెకన్లు పోయాయి. 18వ ఎత్తులో నైట్‌ని వెనక్కి తీయాలా, మార్పిడికి ఒప్పుకోవాలా అన్నదానిపై ఇంకో 3 నిమిషాల 10 సెకన్లు. అంటే రెండే రెండు ఎత్తులకు 7 నిమిషాల 20 సెకన్లు. చేతికిచ్చిన 15 నిమిషాల్లో దాదాపు సగం.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. 24వ ఎత్తు తర్వాత నిమిషం 25 సెకన్లు, 30వ ఎత్తు తర్వాత 25 సెకన్లు. బోర్డు మీదేమో రూక్ ఎండ్‌గేమ్, నాకో బంటు ఎక్కువ. చేతిలో రెండు నిమిషాలుంటే గెలిచే పొజిషన్. నేను కంగారులో రాజుని నా రూక్ ఉన్న వరుసలోకే జరిపాను. అటు నుంచి చెక్ వచ్చింది. రాజు జరగక తప్పదు, వెనకున్న రూక్ పోయింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చెస్ ఇంజిన్ పెట్టి చూస్తే, 14వ ఎత్తులో ఏ రూక్ తెచ్చినా తేడా లేదని తేలింది. నాలుగు నిమిషాలు ఖర్చుపెట్టింది అసలు తేడానే లేని ప్రశ్న మీద.

టైమ్ ప్రెషర్ అంటే చివర్లో మెల్లగా ఆడటం వల్ల వచ్చేది అనుకుంటాం. కానీ గేమ్ మధ్యలో రెండు మూడు ఎత్తుల దగ్గర కూరుకుపోవడమే దానికి అసలు కారణం. కాబట్టి టైమ్‌ని ఎత్తులకు ముందే పంచిపెట్టుకునే బడ్జెట్ పనిచేయాల్సింది కూడా అక్కడే.

లెక్క చాలా తేలిక. 15 నిమిషాలంటే 900 సెకన్లు. 40 ఎత్తులు ఆడితే ఇంక్రిమెంట్ రూపంలో మరో 200 వస్తాయి. మొత్తం 1,100. దీన్ని 40తో భాగిస్తే ఎత్తుకు 27 సెకన్లకు కాస్త పైన. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ సగటుతో ఆడలేం. ఎదుటివాడు చెక్ ఇస్తే రాజుకు ఒకటే గడి ఉన్నచోట 27 సెకన్లు ఎందుకు? బిషప్ శాక్రిఫైస్ చేయాలా వద్దా అన్నచోట 27 సెకన్లు ఏ మూలకు?

నేను వాడేది ఇలా ఉంటుంది. ముందుగా రెండు నిమిషాలు పక్కన పెడతాను, 40వ ఎత్తు దాకా దాన్ని ముట్టుకోను. ఓపెనింగ్‌లో తెలిసిన మొదటి పది ఎత్తులకు కలిపి ఒక నిమిషం. ఇక మిగిలిన 30 ఎత్తుల్లో నాలుగింటికి మాత్రం ఒక్కోదానికి నిమిషంన్నర ఆలోచించే హక్కు ఇచ్చుకుంటాను. అవి నా దగ్గరున్న నాలుగు టికెట్లు. మిగతా 26 ఎత్తులూ తలా 20 సెకన్లలో అయిపోవాలి. కూడి చూస్తే 1,060 సెకన్లు, ఇంకా 40 సెకన్లు చేతిలోనే ఉంటాయి.

టికెట్ ఎక్కడ చింపాలన్నదే అసలు నైపుణ్యం. వెనక్కి తీసుకోలేని ఎత్తుల దగ్గర చింపాలి. మధ్యలో బంటు తోసి పొజిషన్ తెరవడం, క్వీన్లు మార్చుకుని ఎండ్‌గేమ్‌లోకి దిగడం, శాక్రిఫైస్ చేయడం, నా రాజు మీదికి దాడి మొదలైనప్పుడు ఎటు తప్పించుకోవాలో తేల్చుకోవడం. బంటు వెనక్కి నడవదు, మార్చుకున్న క్వీన్ తిరిగి రాదు. రూక్ అయితే పొరపాటు గడిలో పెట్టినా తర్వాత సర్దుకోవచ్చు. అందుకే 20 సెకన్ల తర్వాత కూడా రెండు ఎత్తులూ బాగానే కనిపిస్తూ, రెండింట్లో ఏదీ కొంపముంచేది కాకపోతే, మొదట తోచిందే ఆడేస్తాను.

ఆలోచనలో పడ్డాక నిమిషంన్నర అయిందో నాలుగు నిమిషాలైందో మనకు తెలియదు. అందుకని మొదలుపెట్టే ముందే గడియారం చూసి ఆగాల్సిన అంకె అనుకోవాలి. 11:40 ఉంటే, 10:10కి చేయి కదలాలి. ఎత్తులు రాసే అలవాటు లేనివాళ్లకు ఇంకో చిక్కుంది, ఎన్నో ఎత్తులో ఉన్నామో తెలియదు. వాళ్లకు బోర్డే గుర్తు. క్యాస్లింగ్ అయి, రూక్‌ల మధ్య అడ్డు తొలగేసరికి గడియారంలో 13 నిమిషాలకు పైగా ఉండాలి. క్వీన్లు పోయేసరికి 5 నిమిషాలకు తగ్గకూడదు.

దీనికీ పరిమితులున్నాయి. ఎదుటివాడు ఆరో ఎత్తులోనే మనకు తెలియని దారి పడితే ఓపెనింగ్ నిమిషం చాలదు, అక్కడే ఒక టికెట్ పోతుంది, పోనివ్వాలి. ఇంక్రిమెంట్ లేని 25 నిమిషాల గేమ్‌లో పక్కన పెట్టే రెండు నిమిషాలు నాలుగు కావాలి, ఎందుకంటే చివర్లో ఆదుకునేది ఏదీ ఉండదు. ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌లో 15 నిమిషాలకు ఎత్తుకు 10 సెకన్లు కలుస్తాయి. కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల టైటిల్ గెలిచిన టోర్నమెంట్లు ఈ టైమ్ కంట్రోల్‌తోనే జరిగాయి. పది సెకన్లుంటే ఎండ్‌గేమ్ ఎలాగోలా లాగొచ్చు. ఐదు సెకన్లతో కష్టం. చేత్తో పావు జరిపి, అదే చేత్తో గడియారం నొక్కడానికే ఒకటి రెండు సెకన్లు పోతాయి. మౌస్‌తో ఆడి అలవాటైనవాళ్లు హాల్లో దెబ్బతినేది ఇక్కడే. పైగా ఆ తొందరలో చెక్ చూసుకోకుండా ఇంకేదో ఎత్తు వేసి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు, ఎదుటివాడికి రెండు నిమిషాలు అదనం. రెండోసారి అదే పొరపాటు చేస్తే గేమే పోతుంది.

మీరెక్కడ కూరుకుపోతున్నారో తెలియాలంటే లిచెస్ వెబ్‌సైట్‌లో ఆడిన పది ర్యాపిడ్ గేమ్‌లు తెరిచి, ఎత్తుకు ఎంత టైమ్ పట్టిందో చూపే గ్రాఫ్ చూడండి. పొడుగ్గా లేచిన గీతల దగ్గర ఆగి, అక్కడ నిజంగా తేల్చుకోవాల్సింది ఏమైనా ఉందా అని చూడండి. నా గీతల్లో సగం రూక్‌ల దగ్గరే ఉన్నాయి.

ఈ బడ్జెట్ నాకింకా లొంగని చోటు ఒకటుంది. ఎదుటివాడి టైమ్ నిమిషంలోకి పడిపోగానే నా చేయి కూడా వేగంగా కదులుతుంది. నా దగ్గర నాలుగు నిమిషాలున్నా సరే, అతనికి ఆలోచించే వీలివ్వకూడదని టకటకా ఆడేస్తాను. పోయిన నెల అలాగే ఆడి ఒక నైట్‌ని ఊరికే ఇచ్చేశాను. ఓడిపోయి లేచేసరికి నా గడియారంలో 3 నిమిషాల 40 సెకన్లు అలాగే ఉన్నాయి.