ఎమోజి వ్యాకరణం: తొలి ముసాయిదా

మా పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూనే గిడుగు రామమూర్తి గారు కొండల్లోకి వెళ్లి సవర నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు. లిపి లేని భాషకు వ్యాకరణం అన్నమాట. అదే ఊళ్లో కాపురం ఉంటున్న నాకు ఇప్పుడు అంతకంటే పెద్ద బాధ్యత పడింది. భాష లేని లిపికి వ్యాకరణం రాయాలి.

ఎవరూ అడగలేదు. అవసరం అలా వచ్చింది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ముప్పై ఒక్క మందిమి ఉన్నాం. అందరం తెలుగే మాట్లాడతాం. కానీ గుణుపురం, రాయగడ పిల్లలు చదువుకున్నది ఒడియా బడిలో, తెలుగు అక్షరం చూపిస్తే జాంగ్రీలా ఉందంటారు. పాతపట్నం వైపు ఉన్న మా వదినలకు ఒడియా అక్షరాలన్నీ ఒకే గుండు చేయించుకున్నట్టు కనిపిస్తాయి. మా కోడలు పుట్టింటివారు ఒడియావాళ్లు, వాళ్లూ అందులోనే ఉన్నారు. కాబట్టి తీర్మానం లేకుండానే గ్రూపు అధికార భాష ఎమోజి అయిపోయింది.

మొదటి చిక్కు గుణుపురం చిన్నాన్న నుంచి వచ్చింది. మొన్న ఆదివారం పొద్దున్నే ఆయన ఇది పెట్టాడు:

👴🐕🏥

పావుగంటలో గ్రూపు రెండు పార్టీలయింది. కుక్క చిన్నాన్నను కరిచింది, ఆసుపత్రిలో ఉన్నాడని ఒక పార్టీ. చిన్నాన్నే కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లాడని రెండో పార్టీ. మొదటి పార్టీలో ఒక వదిన ఏడుపు కూడా మొదలుపెట్టింది.

ఇక్కడ వ్యాకరణవేత్తగా నేను కలగజేసుకోక తప్పలేదు. తెలుగులో 'తాత కుక్కను కొట్టాడు' అన్నా, 'కుక్కను తాత కొట్టాడు' అన్నా కొట్టినవాడు తాతే. మాటలు చోటు మారినా 'ను' కుక్కను వదలదు. పైగా చివర 'కొట్టాడు' అని ఉంది, కుక్కయితే 'కొట్టింది' అయ్యేది. అంటే దొంగను పట్టుకోవడానికి మన దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు, ఒకరు విభక్తి, ఇంకొకరు క్రియ. ఒడియాకు రెండో కానిస్టేబుల్ లేడు, క్రియలో ఆడా మగా తేడా చూపించదు. అయినా మనం 'ను' అనేచోట వాళ్లకు 'కు' ఉంది కాబట్టి బండి నడుస్తుంది. ఎమోజికి ఇద్దరూ లేరు. కుక్క బొమ్మకు ప్రత్యయం ఎక్కడ తగిలిస్తాం, తోకకా?

కానిస్టేబుళ్లు లేని ఊళ్లో మిగిలేది క్యూ ఒక్కటే. ముందు నిలబడ్డవాడు కర్త. ఇది నా సొంత సూత్రం కాదు. నీల్ కోన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొందరిని ఎమోజీలతోనే మాట్లాడుకోమని చూసి, 2019లో ఆ సంగతి రాశారు. పని చేసేవాణ్ని ముందు పెట్టి, పనిని తర్వాత పెట్టే అలవాటు కొంత కనిపించింది కానీ, అంతకుమించి పెద్ద వాక్య నిర్మాణమేమీ దొరకలేదు. ఆ లెక్కన 🐕👴🏥 అయితే కరవడం, 👴🐕🏥 అయితే కాపాడడం. నేను రెండో పార్టీకి అనుకూలంగా తీర్పు ఇచ్చాను. వదిన ఏడుపు ఆపి నా మీద అలిగింది.

అయితే ఈ క్యూ సూత్రానికి బొమ్మలే శత్రువులు. పరుగెత్తే మనిషి 🏃 దాదాపు అన్ని ఫోన్లలోనూ ఎడమవైపుకే పరుగెడతాడు. మనం చదివేదేమో ఎడమ నుంచి కుడికి. మా మేనల్లుడు వానలో తడుస్తూ 'ఇంటికి పరుగెత్తుతున్నా' అనే అర్థంలో 🏃🏠 పెట్టాడు. వరస ప్రకారం తప్పులేదు, ముందు మనిషి, తర్వాత ఇల్లు. కానీ బొమ్మలో వాడి వీపు ఇంటివైపు ఉంది. వాళ్లమ్మ 'పిల్లాడు ఇల్లు వదిలి పారిపోతున్నాడు' అని చదువుకుంది. వాడు సరిగ్గా చెప్పాలంటే 🏠🏃 అని తిరగేసి రాయాలి, అప్పుడు ఇల్లు కర్త అయి కూర్చుంటుంది. ఈ గొడవ యూనికోడ్ వాళ్ల చెవిన కూడా పడినట్టుంది, 2023లో కుడివైపు పరుగెత్తేవాణ్ని కూడా చేర్చారు. దాన్ని పరుగు బొమ్మకు కుడి బాణం అతికించి తయారుచేశారు. పాత ఫోన్లో ఆ అతుకు ఊడిపోతుంది. మా అక్క ఫోన్లో మనిషి ఎడమకు పరుగెడుతుంటే పక్కన బాణం కుడివైపు చూపిస్తూ కనిపించింది. ఇంట్లోవాళ్లు పిలుస్తున్నా వినకుండా పోతున్నాడని ఆమె వ్యాఖ్యానం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎమోజీలో కచ్చితమైన వ్యాకరణం ఒకచోట ఉంది, అది కంటికి కనిపించదు. ఆ అతుకు పేరు జీరో విడ్త్ జాయినర్. నేను దాన్ని సంధి అంటాను. ఆడమనిషి 👩, మధ్యలో సంధి, తర్వాత వరి కంకి 🌾 వస్తే మహిళా రైతు 👩‍🌾 అవుతుంది. కంకిని ముందు పెడితే సంధి కుదరదు, రెండూ విడివిడిగా నిలబడతాయి. జెండాలయితే ఇంకా కఠినం. మన జెండా లోపల I, N అనే రెండు గుర్తులుంటాయి. వాటిని N, I అని తిరగేశారా, జెండా నికరాగ్వాది అవుతుంది! పదక్రమం అర్థాన్ని మార్చడమంటే అదీ. కానీ ఈ వ్యాకరణం ఫోనుకు తెలుసు, చిన్నాన్నకు తెలియదు.

ఇక కార్తీకంలో మా వియ్యపురాలు పెట్టిన వాక్యం:

🐟❌🌕🐟

ఈ ❌ ఎవరి మనిషి? ముందున్న చేపదా, వెనకున్న పున్నమిదా? 'చేప వద్దు, పున్నమికి చేప' అని చదవొచ్చు. 'చేప ఉంది, పున్నమి లేదు, ఇంకో చేప ఉంది' అని కూడా చదవొచ్చు. ఆవిడ చెప్పదలచింది 'పున్నమి దాకా చేప ముట్టం, మర్నాడు చేపల భోజనానికి రండి' అని. కార్తీక పున్నమి మర్నాడు ఒడియా ఇళ్లలో ఛాడఖాయి, నెలంతా ఆగినవాళ్లు ఆ రోజు మాంసం, చేపలు తింటారు. 'దాకా' లేదు, 'మర్నాడు' లేదు, 'రండి' అసలే లేదు. అయినా మేమంతా సరైన రోజుకి, సరైన ఆకలితో వెళ్లాం. ఇది ఎమోజి ఘనత అని గ్రూపులో చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. అర్థం చెప్పింది గోడమీది పంచాంగం, మార్కులు బొమ్మలకా? హైదరాబాదులో పుట్టిపెరిగిన మా తమ్ముడి కొడుకు అదే వాక్యం చదివి, "పెదనాన్నా, అక్వేరియం కొన్నారా?" అని అడిగాడు.

చిన్నాన్న విషయానికి వస్తే, సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. నా తీర్పు నెగ్గిందని గర్వంగా, "కుక్కకు ఎలా ఉంది చిన్నాన్నా?" అన్నాను.

"దానికేంరా, గుండులా ఉంది. రాత్రి తప్పిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గర దొరికితే తీసుకొచ్చాను. అదే కదా రాశాను?"

కర్త, కర్మ, చోటు అన్నీ వరసలోనే ఉన్నాయి. ఆసుపత్రి'కి' అని నేను చదివింది ఆసుపత్రి 'దగ్గర నుంచి' అట. ఈ సంగతి గ్రూపులో చెబుదామని బొమ్మల కోసం అరగంట వెతికాను. చివరికి వదినకు ఫోన్ చేశాను.