రెండు ఎమోజీలు కలిస్తే వచ్చేది ఎమోజీ కాదు, బొమ్మ

ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ కీబోర్డు జీబోర్డ్ ఉంటే, చాట్‌లో 🤠, ఆ పక్కనే 😭 నొక్కి చూడండి. పైన వరుసలో టోపీ పెట్టుకుని భోరున ఏడుస్తున్న కౌబాయ్ కనిపిస్తాడు. 2020లో వచ్చిన ఈ సదుపాయం పేరు ఎమోజీ కిచెన్. అప్పటికప్పుడు ఫోన్ కలిపి గీసిన బొమ్మ కాదది. ఒక్కో జంటకూ ముందే తయారుచేసి గూగుల్ సర్వర్లలో పెట్టిన బొమ్మ. అందుకే కొన్ని జంటలకు ఎంత ప్రయత్నించినా ఏమీ రాదు.

చాలామంది తికమకపడేది ఆ తర్వాతే. అక్షరాలకూ ఎమోజీలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో 🤠కి ఒక సంఖ్య ఉంది. మనం పంపేది ఆ సంఖ్యనే. బొమ్మ గీసుకునేది అవతలి ఫోన్. అందుకే ఐఫోన్‌లో ఒకలా, శాంసంగ్‌లో ఇంకోలా కనిపిస్తుంది. ఏడ్చే కౌబాయ్‌కి అలాంటి సంఖ్య లేదు. వెళ్లేది బొమ్మే కాబట్టి ఏ ఫోన్‌లోనైనా ఒకేలా ఉంటాడు. కానీ అక్షరాలు మాత్రమే పట్టే చోట అతనికి స్థానం లేదు. వాట్సాప్ గ్రూపు పేరులో, కాంటాక్టు పేరులో, యూట్యూబ్ కామెంట్లో పెట్టలేం. వాక్యం మధ్యలో ఇరికించలేం. చాట్‌లో పదం వెతికినా దొరకడు. కీబోర్డు నుంచి బొమ్మలు తీసుకునే ఏర్పాటు లేని యాప్‌లోనూ అంతే. తప్పు ఫోన్‌ది కాదు, మనం టైపు చేసే ఆ గడి స్వభావమే అది. ఈ తేడాను బొమ్మ ఎంచుకోకముందే కీబోర్డు చెప్పాలి. నొక్కాక చెబితే ఏం లాభం?

కంప్యూటర్‌లోనూ చేయొచ్చు. గూగుల్ సెర్చ్‌లో `emoji kitchen` అని కొడితే కలిపే పెట్టె వస్తుంది. రెండు ఎమోజీలు ఎంచుకుని, వచ్చిన బొమ్మను కాపీ చేసుకోవాలి. దాన్ని వాట్సాప్ వెబ్‌లో నేరుగా పేస్ట్ చేస్తే స్టిక్కర్‌గా కాక ఫొటోగా వెళ్తుంది. ఫొటోలను వాట్సాప్ జేపెగ్‌గా మారుస్తుంది, జేపెగ్‌లో పారదర్శకతకు చోటు లేదు. దాంతో కౌబాయ్ చుట్టూ ఖాళీగా ఉండాల్సిన భాగం ఏదో ఒక రంగుతో నిండి, బొమ్మ చతురస్రపు డబ్బాలో చిక్కుకుంటుంది. దీనికి విరుగుడు సులువు. బొమ్మను పీఎన్‌జీగా సేవ్ చేసి, అటాచ్ మెనూలోని కొత్త స్టిక్కర్ ఆప్షన్ ద్వారా పంపాలి. అప్పుడు డబ్బా లేకుండా, చాట్ నేపథ్యం మీదే నిలబడతాడు.

పేరులోనో వాక్యంలోనో జంట ఎమోజీ కావాల్సిందే అంటే, యూనికోడ్ ఒప్పుకున్న కలయికలు కొన్ని ఉన్నాయి. ❤️‍🔥 అలాంటిదే. గుండె, మంట, మధ్యలో కనిపించని అతుకు అక్షరం. పాత ఫోన్లలో ఇది విడిపోయి గుండె, మంట పక్కపక్కన కనిపిస్తాయి. అయినా భావం అందుతుంది, గ్రూపు పేరులోనూ నిలుస్తుంది.