ఏ తేదీ నిజంగా మలుపు?

ఆగస్టు దగ్గరపడితే బడి గోడల మీద, పత్రికల ప్రత్యేక సంచికల్లో స్వాతంత్ర్య పోరాట కాలక్రమ పట్టికలు వెలుస్తాయి. మేమూ అచ్చు వేస్తూనే ఉన్నాం. మహాసభలు, అరెస్టులు, కాల్పులు, ఒప్పందాలు ఒకదాని కింద ఒకటి పేర్చిన ఆ పట్టిక చదివిన విద్యార్థికి తేదీలు గుర్తుంటాయి కానీ, దేనివల్ల ఏది మారిందో బోధపడదు. పట్టికలో మలుపులను మాత్రమే ఉంచాలని, ఒక తేదీని మలుపు అనడానికి దాని తర్వాత పాలకులకు గానీ, ప్రజలకు గానీ పాత దారిన నడిచే వీలు లేకుండా పోయిందా అన్నదే కొలత కావాలని మా అభిప్రాయం. త్యాగం ఎంత గొప్పదన్నది వేరే ప్రశ్న. దానికి వేరే గౌరవం ఉంది.

ఈ కొలత పెట్టినప్పుడు చాలామంది తడబడేది 1946 ఫిబ్రవరి దగ్గర. ఆ నెల 18న బొంబాయిలోని 'తల్వార్' నౌకాదళ శిక్షణ కేంద్రంలో నాసిరకం తిండి మీద, అధికారుల జాత్యహంకార దూషణల మీద నావికులు సమ్మెకు దిగారు. అది ఓడ నుంచి ఓడకు, రేవు నుంచి రేవుకు పాకి సుమారు 20 వేల మందిని కదిలించింది. మర్నాడే, 19న, అధికార బదిలీపై చర్చలు జరిపే మంత్రుల బృందమైన కేబినెట్ మిషన్‌ను భారత్‌కు పంపుతున్నట్టు బ్రిటిష్ ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటించింది. రెండు తేదీలూ పక్కపక్కన కనిపించగానే, నావికులు తిరగబడ్డారు కాబట్టే లండన్ దిగివచ్చిందని రాసేయడం తేలిక. అయితే మిషన్‌ను పంపాలని బ్రిటిష్ మంత్రివర్గం నిర్ణయించింది జనవరి 22న, అంటే తిరుగుబాటుకు దాదాపు నాలుగు వారాల ముందు. ప్రకటన వెలువడిన రోజును నిర్ణయం జరిగిన రోజుగా తీసుకుంటే కారణం, ఫలితం తారుమారవుతాయి. పట్టిక రాసేవారు ప్రతి పెద్ద ప్రకటన దగ్గరా ఆగి, దాని వెనుక నిర్ణయం ఎప్పుడు జరిగిందో వెతకవలసింది ఇందుకే.

మరి మలుపు ఎక్కడుంది? ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. 1945 నవంబర్ 5న ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై సైనిక విచారణ మొదలైంది. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనులో నిలబడేసరికి దేశమంతా వారి వెనుక నిలిచింది. రాజుపై యుద్ధం చేశారన్న నేరం రుజువైందని కోర్టు ద్వీపాంతరవాస శిక్ష విధించింది. అయినా 1946 జనవరి 3న సర్వసేనాని ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దు చేసి, ఉద్యోగాల నుంచి తొలగించడంతో సరిపెట్టి వారిని విడిచిపెట్టాడు. వారిని శిక్షిస్తే భారత సైనికుల విధేయత నిలుస్తుందన్న నమ్మకం పాలకులకు లేదు. తీర్పు చెప్పగలిగి, అమలు చేయలేకపోయిన రోజు అది. నావికుల తిరుగుబాటు ఆ నిజాన్ని వీధుల్లో అందరికీ చూపింది, పాలకుల తొందరను పెంచింది. అందుకే మలుపుగా మేము జనవరి 3ను ఉంచుతాం. ఫిబ్రవరి 18ని దాని కింది వరుసలో, దాని కొనసాగింపుగా రాస్తాం.

మన్యం విషయంలో సీతారామరాజు పోరాటం ఈ కొలతకు మలుపు కాదని చెప్పడానికి మనసు ఒప్పదు, అయినా చెప్పాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసి ఆయుధాలు తీసుకువెళ్లింది. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. ఆ పోరాటం తర్వాత కూడా పోడు మీద ఆంక్షలు తొలగలేదు. గిరిజనుడి బతుకులో అడవి చేయి దాటిపోయింది 1882 మద్రాసు అటవీ చట్టంతో. మన్యానికంటూ ఒక పట్టిక వేస్తే పెద్ద అక్షరాల్లో ఉండవలసింది ఆ చట్టం. చింతపల్లి దాడి దానికి నలభై ఏళ్ల తర్వాత వచ్చిన జవాబు. ఈ రెండింటినీ కలపకుండా దాడి తేదీని ఒంటరిగా అచ్చువేస్తే సీతారామరాజు ఎందుకు పోరాడాడో ఆ పట్టిక చెప్పలేదు.

ముగింపు తేదీ కూడా అందరికీ ఒకటి కాదు. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానం భారత్‌లో లేదు. ఆ నవంబర్ 29న నిజాం విలీనానికి ఒప్పుకోకుండా, ఉన్న సంబంధాలను అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందం మాత్రమే చేసుకున్నాడు. 1948 సెప్టెంబర్ 13న సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. రాజ్యాధికారం వరకు మలుపు అదే. అయితే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలైన నాటి నుంచి ఆయుధం పట్టిన రైతుకు భూమి ప్రశ్న ఆ సెప్టెంబర్‌తో తీరలేదు. కాబట్టి ఈసారి మా ప్రత్యేక సంచికలో తెలంగాణ వరుసను సాయుధ పోరాట విరమణ ప్రకటించిన 1951 అక్టోబర్ 21 దాకా తీసుకువెళ్తున్నాం.