తరం ధ్రువీకరణ పత్రం

1996 డిసెంబరు 31 అర్ధరాత్రికి అయిదు నిమిషాల ముందు ఒకడు, అయిదు నిమిషాల తర్వాత వాడి తమ్ముడు పుట్టారనుకుందాం. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ తరాల మధ్య గీసిన గీత ప్రకారం ఆ కవలల్లో పెద్దవాడు మిలీనియల్, చిన్నవాడు జెన్ జీ. అన్న మనస్తత్వం తమ్ముడికి అంతుపట్టదు. ఇంత శాస్త్రీయమైన పద్ధతి చేతిలో ఉండగా మన ప్రభుత్వాలు ఉపేక్షించడం విచారకరం. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల సరసన మీసేవలో తరం పత్రం కూడా ఇవ్వాలని నా విన్నపం.

దీనికి అడ్డుపడుతున్నవాడు ఒక్కడే. బుడాపెస్టులో పుట్టి జర్మనీలో పాఠాలు చెప్పిన సామాజిక శాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్. ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒక తరం కారని 1928లోనే తేల్చేశాడు. దాదాపు పదిహేడేళ్లకు మనిషి లోకాన్ని ప్రశ్నించడం మొదలుపెడతాడట. ఆ వయసులో ఏ చరిత్ర మీద పడిందో, అందులో తానూ దిగాడా లేదా అన్నదే లెక్కట. ఈయన మాట వింటే మన దరఖాస్తు ఫారం ఏమవుతుందో చూడండి.

1952లో పుట్టిన ముగ్గురు వచ్చారు. 1969లో ముగ్గురికీ పదిహేడేళ్లే. మొదటివాడు హైదరాబాదులో, పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదని, ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలకు గండికొట్టి వాటిని ఇతరులకిచ్చారని తరగతులు మానేసి ఊరేగింపులో నడిచాడు. రెండోవాడు కాకినాడలో ఆ వార్తను పేపర్లో చదివి పేజీ తిప్పాడు. వాడి వంతు 1972లో వచ్చింది. సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలను సమర్థించగానే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని జై ఆంధ్ర అంటూ వాడూ వీధికెక్కాడు. మూడోవాడిది నల్లమలలో ఏ వార్తా చేరని గూడెం. పుట్టిన సంవత్సరం గడిలో ముగ్గురిదీ ఒకే అంకె. మన్‌హైమ్ మాత్రం ఈ మూడోవాణ్ణి వరసలోంచి తప్పిస్తాడు.

అంతటితో ఆగితే బాగుండేది. హైదరాబాదులో ఒకే హాస్టలు గదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలన్నవాడు, సమైక్యంగా ఉండాలన్నవాడు తన్నుకుంటే, ఆ ఇద్దరూ ఒకే తరమంటాడు! ఇద్దర్నీ నిద్రపోనివ్వనిది ఒకే ప్రశ్న కాబట్టి. వాళ్లు అందులో రెండు వర్గాలు మాత్రమేనట. కనుక ఫారంలో ‘ఏ విషయం మీద గొడవపడ్డారు?’ అని ఇంకో గడి పెట్టక తప్పదు.

ఈలోగా ప్యూ సంస్థ కూడా చల్లబడింది. సామాజిక శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశాక, ఈ పేర్లను ఆచితూచి వాడతామని 2023లో ప్రకటించింది. ఇవాళ్టి ఇరవై ఏళ్లవాణ్ణి ఇవాళ్టి యాభై ఏళ్లవాడితో పోల్చితే తేడా వయసుదో తరానిదో తెలియదు. నిన్నటి ఇరవై ఏళ్లవాడితో పోల్చాలి. ఆఫీసుల్లో ‘జెన్ జీని సంబాళించుట’ అని శిక్షణ ఇచ్చేవారికి ఈ బెడద లేదు, నిన్నటివాడు ఫీజు కట్టడు.

ఇక మిగిలింది సంతకం. తహశీల్దారుది ఒక్కటే చాలదు, ఆనాడు తన్నుకున్న అవతలివాడిది కూడా కావాలి. విచారిస్తే ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదని తేలింది. దరఖాస్తు పెండింగులో పెట్టాం.