ఒక ట్యాంకు ఇథనాల్, ఒక మనిషి ఏడాది తిండి: ఆ లెక్క మన బంకుల్లో నిలుస్తుందా?

"సార్, మా కాలేజీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. 'కారు ట్యాంకు ఒక్కసారి ఇథనాల్‌తో నింపితే ఒక మనిషి ఏడాది తిండి కాలిపోయినట్టే. పైగా ఇథనాల్ ఇచ్చే శక్తి కంటే దాన్ని తయారు చేయడానికే ఎక్కువ శక్తి పడుతుంది. అదే బయోడీజిల్ అయితే తిండితో గొడవే లేదు.' బయోఎనర్జీ అసైన్‌మెంట్‌లో ఈ మూడు పాయింట్లూ రాసేయొచ్చా?" (రాయగడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

ఇలాగే రాయొద్దమ్మా. మూడింటినీ విడివిడిగా చూడాలి. అన్నిటికంటే లోతుగా చూడాల్సింది మొదటిది.

ఆ లెక్క 2007 ప్రాంతంలో అమెరికాలో పుట్టింది. అక్కడి పెద్ద కారు ట్యాంకు 25 గ్యాలన్లు, అంటే సుమారు 95 లీటర్లు. దాన్ని అచ్చంగా ఇథనాల్‌తో నింపాలంటే 200 కిలోలకు పైగా మొక్కజొన్న కావాలి. కిలోకి దాదాపు 3,600 కిలో కేలరీల చొప్పున చూస్తే రోజుకి 2,000 చొప్పున ఒక మనిషికి ఏడాది సరిపోతాయి. కూడికలో తప్పు లేదు. తప్పల్లా దాన్ని మన బంకు దగ్గరికి తెచ్చి అతికించడంలో ఉంది.

మనకి వస్తున్నది ఇ20, అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్. మామూలు చిన్న కారు ట్యాంకు 35 లీటర్లు అనుకుందాం. అందులో ఇథనాల్ 7 లీటర్లు. టన్ను మొక్కజొన్నకి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది కాబట్టి ఆ 7 లీటర్లకి పట్టే గింజ 18 కిలోల పైచిలుకు. ఒక మనిషికి అది ఏడాది తిండి కాదు, నెల రోజుల తిండి. అందులోనూ గింజ అంతా పోదు. ఈస్ట్ పులియబెట్టేది పిండి పదార్థం నుంచి వచ్చిన చక్కెరనే:

C₆H₁₂O₆ → 2 C₂H₅OH + 2 CO₂

మాంసకృత్తులు, నూనె, పీచు మిగిలిపోతాయి. వాటిని ఎండబెడితే గింజ బరువులో దాదాపు మూడో వంతు దాణాగా తిరిగొస్తుంది. కోళ్ల మేతలో సోయా చెక్కకి బదులు కొంతవరకు దీన్నే కలుపుతున్నారు. ఒక జాగ్రత్త కూడా ఉంది. పిండి పదార్థం పోయాక మిగిలినవన్నీ సుమారు మూడు రెట్లు చిక్కబడతాయి. తడిసి బూజు పట్టిన గింజ వాడితే అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా అలాగే చిక్కబడుతుంది. అందుకే దాణా కొనేవాళ్లు లోడు దింపుకునే ముందు దాని కోసం పరీక్ష అడగాలి.

అలాగని 'నెల తిండే కదా' అని వదిలేస్తే అదీ తప్పే. అదే కారుకి నెలకి రెండుసార్లు ట్యాంకు నింపితే ఏడాదికి 440 కిలోల మొక్కజొన్న, అంటే ఇద్దరు మనుషుల ఏడాది కేలరీలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. కాబట్టి ట్యాంకుకి 7 లీటర్లు పోసినా ఆదా అయ్యే పెట్రోల్ నాలుగున్నర లీటర్ల చిల్లర. మెసేజ్ ఒక్క ట్యాంకునే పట్టుకుని ఈ ఏడాది లెక్కని వదిలేసింది. నీ అసైన్‌మెంట్‌లో ఉండాల్సింది ఇదే.

ఇక ఆ గింజని ఎవరు తింటున్నారో చూడు. మన పక్కనే ఉన్న నబరంగ్‌పూర్ జిల్లా మొక్కజొన్నకి పేరు పడ్డది. మన దేశంలో పండే మొక్కజొన్నలో పెద్ద వాటా వెళ్లేది అన్నం పళ్లేలకి కాదు, కోళ్ల దాణాకి. డిస్టిలరీ వచ్చి అదే గింజకి పోటీ పడితే రైతుకి రేటు పెరుగుతుంది, అది మంచిదే. ఆ భారం మాత్రం గుడ్డు రేటు మీద, చికెన్ రేటు మీద పడుతుంది. ఇథనాల్ గిరాకీ పెరిగాక 2024లో మన దేశం మొక్కజొన్నని ఎగుమతి చేసిన దానికంటే ఎక్కువ దిగుమతి చేసుకుంది. చమురు దిగుమతి తగ్గించాలని మొదలుపెట్టిన పనికి గింజ దిగుమతి తోడైతే ఆ రెండో ఖర్చునీ లెక్కలో చూపాలి.

ముడిసరుకు మారితే జవాబూ మారుతుంది. టన్ను చెరకు నుంచి పంచదార వీలైనంత తీశాక మిగిలే ఆఖరి మొలాసిస్‌తో సుమారు 10 లీటర్ల ఇథనాల్ వస్తుంది. దాంట్లో మనుషుల తిండి పోయింది దాదాపు లేదు. అదే చెరకు రసాన్ని నేరుగా పులియబెడితే 70 లీటర్ల వరకు వస్తుంది, కానీ ఆ టన్నుకి రావాల్సిన పంచదార అంతా పోతుంది. 2023 డిసెంబర్‌లో చెరకు దిగుబడి తగ్గుతుందన్న భయంతో కేంద్రం రసం నుంచి ఇథనాల్ తీయడాన్ని కట్టడి చేసింది. ఆ ఏడాది జూలైలోనే భారత ఆహార సంస్థ డిస్టిలరీలకి బియ్యం ఇవ్వడం ఆపేసింది. పంట బాగున్నాక రెండింటినీ మళ్లీ వదిలారు. తిండికీ ఇంధనానికీ మధ్య పోటీ నిజంగా ఎప్పుడు వస్తుందో ఈ రెండు సంఘటనలు చెబుతాయి. పంట తగ్గిన ఏడాది వస్తుంది.

శక్తి గురించి రెండో మాటకి మూలం 2005లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన పిమెంటెల్ వేసిన లెక్క. అందులో అమెరికా మొక్కజొన్న ఇథనాల్‌కి శక్తి నష్టమే తేలింది. ఆ తర్వాత వచ్చిన చాలా అధ్యయనాల్లో కొద్దిపాటి లాభం వచ్చింది. తేడా ఎక్కువగా రెండు చోట్ల ఉంది. మిగిలే దాణాకి కొంత శక్తిని జమ చేశారా లేదా అన్నది ఒకటి. ఎరువుకి, ఫ్యాక్టరీకి పట్టే శక్తిని పాత అంకెలతో లెక్కించారా, కొత్తవాటితోనా అన్నది రెండోది. ఫ్యాక్టరీలో ఎక్కువ ఆవిరి తాగేది స్వేదనం. పులిసిన ద్రవంలో ఆల్కహాల్ నూటికి 10 పాళ్ల దగ్గర ఉంటుంది. దాన్ని మరిగించి మరిగించి 95 దాకా తేవాలి. అక్కడ మామూలు స్వేదనం ఆగిపోతుంది, మిగతా నీటిని జియోలైట్ గుళికలతో పీల్చాలి. ఈ ఆవిరికి బాయిలర్‌లో బొగ్గు వేస్తే లాభం చాలా సన్నం. చెరకు మిల్లులో అయితే సొంత పిప్పే మండుతుంది కాబట్టి లెక్క బాగా మెరుగవుతుంది. 'ఎప్పుడూ నష్టమే' అని రాయకు. ఏ ఇంధనంతో ఆవిరి చేశారో రాయి.

బయోడీజిల్ విషయంలో మెసేజ్ మరీ తేలిగ్గా మాట్లాడింది. మనం తినే వంటనూనెలో సగం పైగా బయటి నుంచే వస్తోంది. పామాయిల్‌నో సోయానో తెచ్చి డీజిల్‌లో కలిపితే పోటీ నేరుగా వంటింటితోనే. బంజరు నేలలో జట్రోఫా పెంచితే సరి అని 2000ల్లో పెద్ద ఎత్తున నాటించారు. నీరు, ఎరువు లేని చోట ఆ మొక్క బతికింది కానీ కాయలు అనుకున్నంత రాలేదు.

తిండితో పోటీ లేని ముడిసరుకు వాడేసిన నూనె. రాయగడ బస్టాండ్ దగ్గర బజ్జీల బండ్లలో మిగిలే నూనె లాంటిదన్నమాట. 100 కిలోల నూనెని బయోడీజిల్‌గా మార్చడానికి సిద్ధాంతం ప్రకారం 11 కిలోల మిథనాల్ చాలు, చర్య పూర్తి కావడానికి దాదాపు రెట్టింపు వేస్తారు. సోడియం హైడ్రాక్సైడ్ ఉత్ప్రేరకంగా 60 డిగ్రీల దగ్గర కలిపితే సుమారు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. చిక్కు ఎక్కడంటే, పదేపదే కాగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి సుమారు 2 శాతం దాటితే క్షారంతో కలిసి సబ్బు అవుతాయి. అప్పుడు గ్లిజరిన్ అడుగుకి దిగదు, నీటితో కడిగితే పాలలాంటి నురగ వచ్చి పొరలు విడిపోవు. అందుకే ముందు ఫినాఫ్తలీన్‌తో టైట్రేషన్ చేసి ఆమ్లం ఎంతుందో చూస్తారు. ఎక్కువుంటే మొదట సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆ ఆమ్లాల్ని ఎస్టర్‌గా మార్చి, తర్వాతే క్షారం కలుపుతారు. ఈ టైట్రేషన్ మీ ల్యాబ్‌లోనే అవుతుంది. మిథనాల్ మాత్రం విషం, త్వరగా అంటుకుంటుంది. దాన్ని ఇంట్లో ప్రయత్నించొద్దు.